పదో తరగతి లెక్కలు: ఇంట్లో వచ్చినవి పరీక్షలో రావట్లేదు. నాన్నగా నేనేం చెయ్యాలి, ఏం మానాలి?

రాజాం_నాన్న (శుక్రవారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి. పబ్లిక్ పరీక్షలకి ఇంక 17 రోజులుంది. ప్రీ-ఫైనల్‌లో లెక్కలకి 41 వచ్చాయి, మిగతావన్నీ 70 పైనే. అదే పేపరు ఇంటికి తెచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టి చేయిస్తే దాదాపు అన్నీ చేసేసింది. పరీక్షలో మాత్రం చెయ్యి వణికిందట, చూసిన లెక్కే కొత్తగా కనిపించిందట. రాత్రి అన్నం సగంలో వదిలేస్తోంది. ధైర్యం చెప్తే ఊఁ కొడుతుంది, లోపలికెళ్లి తలుపేసుకుంటుంది. నేను గట్టిగా ఒక్కమాటా అనలేదు. మా ఇంట్లో కొట్టడం, తిట్టడం లేవు. అయినా నన్ను చూస్తేనే బిగుసుకుపోతోంది. ఈ 17 రోజుల్లో నేను చెయ్యాల్సిందేమిటో, మానాల్సిందేమిటో తెలిసినవాళ్లు చెప్పండి.

టెక్కలి_రమణ (శుక్రవారం, రాత్రి 9:58)

లెక్కలు వీకైతే ఇంటర్‌లో ఎంపీసీ వద్దు సార్, బైపీసీలో వెయ్యండి. విశాఖలో హాస్టల్ ఉన్న కాలేజీల్లో ఇప్పుడే సీటు మాట్లాడుకుంటే ఫీజు తగ్గిస్తారు. జూన్ దాకా ఆగకండి.

రాజాం_నాన్న (శుక్రవారం, రాత్రి 10:05)

రమణ గారూ, కాలేజీ సంగతి తర్వాత. ఇప్పుడు నా ప్రశ్న అది కాదండీ.

బొబ్బిలి_తాతయ్య (శుక్రవారం, రాత్రి 10:20)

నాయనా, భయం వల్ల కాదది, బద్ధకం వల్ల. పిల్లని వేకువజామున నాలుగింటికి లేపు. ఆ వేళప్పుడు చదివింది రాయిమీద చెక్కినట్టుంటాది. రాత్రి పదకొండు దాకా చదివించి, నాలుగింటికి లేపి, ఓ గ్లాసుడు టీ ఇచ్చేస్తే బేగి దారిలో పడతాది. మన ఊళ్లలో పాస్ అయినోళ్లందరూ అలాగ చదివినోళ్లే.

కౌన్సెలర్_శ్రీకాకుళం (శుక్రవారం, రాత్రి 10:52)

తాతయ్య గారూ, వేకువన ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, చదివింది బుర్రకెక్కుతుంది. ఆ మాట నిజమే. కాకపోతే ఆ పద్ధతి నిలబడాలంటే రాత్రి ఎనిమిదికల్లా పడుకోవాలి. పదకొండుకి పడుకుని నాలుగుకి లేస్తే అయిదు గంటల నిద్రే దక్కుతుంది. పదిహేనేళ్ల పిల్లకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. ఈ వయసులో నిద్ర వచ్చే వేళ కూడా సహజంగానే వెనక్కి జరుగుతుంది కాబట్టి ఎనిమిదికి పడుకోమన్నా నిద్ర పట్టదు. పగలు చదివింది నిద్రలోనే కుదురుకుంటుంది. నిద్ర కోసేస్తే చదివిన గంటలు వృథా. టీ విషయం కూడా చెప్తాను. సాయంత్రం ఆరింటికి తాగిన టీ ప్రభావం సగం రాత్రి పదకొండుకి కూడా ఒంట్లోనే ఉంటుంది. చెయ్యి వణికే పిల్లకి ఆ వణుకు ఇంకాస్త పెరుగుతుంది.

రాజాం నాన్న గారూ, మీకు సలహా ఇచ్చేముందు ఒక సంగతి తెలియాలి. ఇంట్లో అదే పేపరు చేసింది అన్నారు కదా. ఆ సమయంలో మీరు ఎక్కడ కూర్చున్నారు? చేతిలో ఏముంది? ప్రతి లెక్కకీ తను మీ ముఖం చూసిందా?

రాజాం_నాన్న (శనివారం, ఉదయం 6:15)

పక్కనే కూర్చున్నాను మేడమ్. చేతిలో గైడు ఉంది. తను ఒక్కో మెట్టు రాసి నావైపు చూస్తుంది. నేను తలూపితే ముందుకెళ్తుంది. రోజూ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా అలాగే చేయిస్తున్నాను. ఇది తప్పంటారా?

కౌన్సెలర్_శ్రీకాకుళం (శనివారం, ఉదయం 7:30)

తప్పు అనను. పక్కన కూర్చునే ఓపిక చాలా ఇళ్లల్లో లేదు. కానీ ఇంట్లో లెక్క చేస్తున్నది మీరిద్దరూ కలిసి అని గమనించండి. రాసేది ఆమె, సరిగ్గా ఉందని ఒప్పుకునేది మీరు. హాల్లో ఆ రెండో మనిషి ఉండడు. మొదటి మెట్టు రాయగానే ‘ఇది సరేనా?’ అని తల పక్కకి తిరుగుతుంది, అక్కడ తలూపేవాళ్లు లేరు. అప్పుడు అనుమానం మొదలవుతుంది. రాసింది కొట్టేస్తుంది, మళ్లీ రాస్తుంది. లెక్క చెయ్యడానికి బుర్రలో కొంచెం చోటే ఉంటుంది. ఒక అంకె పట్టుకుని, సూత్రం గుర్తుపెట్టుకుని, తర్వాతి మెట్టు ఆలోచించడానికే అది సరిపోతుంది. ‘తప్పేమో’ అన్న మాట అందులో దూరితే లెక్కకి చోటు మిగలదు. ‘చూసిన లెక్కే కొత్తగా కనిపించింది’ అని ఆ పిల్ల చెప్పింది సరిగ్గా దీన్నే.

ఇప్పుడొక పని చెయ్యండి. ప్రీ-ఫైనల్ జవాబు పత్రం మీ దగ్గరే ఉంటే, అమ్మాయి లేనప్పుడు కాదు, ‘నీ పేపరు ఒకసారి చూడొచ్చా’ అని అడిగి తీసుకోండి. పోయిన 59 మార్కులూ ఎక్కడ పోయాయో నాలుగు కుప్పలుగా విడగొట్టండి. అసలు రాయకుండా వదిలేసినవి ఒకటి, మొదలెట్టి కొట్టేసినవి రెండు, గుర్తులు, గుణకారాల్లో పొరపాట్లు మూడు, పద్ధతే తెలియనివి నాలుగు.

చీపురుపల్లి_అమ్మ (శనివారం, ఉదయం 8:10)

తలుపేసుకుంటోంది అంటే నాకు ముందు ఫోను గుర్తొచ్చింది. మా వాడు కూడా పదే. తలుపేసుకుని రీల్స్ చూస్తాడు, పుస్తకం పైన ఫోను. వాడికి భయమూ లేదు, చదువూ లేదు. వాడినేం చెయ్యాలో కూడా ఎవరైనా చెప్తే బాగుణ్ణు.

కౌన్సెలర్_శ్రీకాకుళం (శనివారం, ఉదయం 8:25)

అమ్మా, మీ అబ్బాయి సంగతి దీనికి తలకిందులు. ఇక్కడ చెప్పినవి అక్కడ పెడితే పని చెయ్యవు. వేరే చర్చ మొదలెట్టండి, తప్పకుండా రాస్తాను.

రాజాం_నాన్న (శనివారం, మధ్యాహ్నం 1:30)

పేపరు ఇచ్చింది మేడమ్, కాస్త తటపటాయించి. విడగొట్టాను. చివర్లో రాయకుండా వదిలేసినవి మూడు ఎనిమిది మార్కుల లెక్కలు, మొత్తం 24. మొదలెట్టి కొట్టేసినవి 16. కూడికల్లో, గుర్తుల్లో పోయినవి 11. అసలు తెలియనివి 8 మార్కులే, ప్రాథమిక అనుపాత సిద్ధాంతం దగ్గర. నేనింకా రోజూ కొత్త చాప్టర్లు చేయిస్తున్నాను!

ఇంకో విచిత్రం. కొట్టేసిన వాటిలో మూడు లెక్కలు కొట్టేసేముందు సరిగ్గానే ఉన్నాయి.

లెక్కలమాస్టారు_నెల్లిమర్ల (శనివారం, సాయంత్రం 4:45)

బాబూ, ఈ లెక్క చూశాక నాకు మాట్లాడాలనిపించింది. 59లో 8 మార్కులే తెలియక పోయాయంటే ఆ పిల్లకి ట్యూషన్ అవసరం లేదు. కావలసింది పేపరు మీద నడక.

పేపరు నడక ఎలా ఉంటుందో చెప్తాను. మొత్తం 33 ప్రశ్నలు. మొదటి భాగంలో ఒక్కో మార్కువి పన్నెండు, రెండోదాంట్లో రెండు మార్కులవి ఎనిమిది, మూడోదాంట్లో నాలుగు మార్కులవి ఎనిమిది, నాలుగోదాంట్లో ఎనిమిది మార్కులవి అయిదు. నాలుగో భాగంలో మాత్రమే ‘ఇది లేదా అది’ అని ఎంచుకునే వీలుంది. సమయం 9:30 నుంచి 12:45 దాకా. అందులో మొదటి పావుగంట ప్రశ్నపత్రం చదవడానికి, రాయడానికి మూడు గంటలు.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, పిల్లలు ఈ పావుగంటని భయపడడానికి వాడతారు. పేజీ తిప్పుతూ రానివి వెతుక్కుంటారు. మీ అమ్మాయికి ఈ పావుగంటకి ఒక పని ఇవ్వండి. నాలుగో భాగంలో అయిదు జతలు ఉంటాయి కదా, ఒక్కో జతలో ఏది రాయాలో అప్పుడే నిర్ణయించుకోవాలి. రాసేటప్పుడు మళ్లీ ఆ తర్జనభర్జన ఉండకూడదు. మిగిలిన సమయంలో రెండు, మూడు భాగాల్లో బాగా వచ్చినవి ఏవో మనసులో గుర్తు పెట్టుకోవాలి. అంతే, అంతకంటే పెద్ద పని ఇవ్వకండి.

తర్వాత ఒక మార్కువి పావుగంట, రెండు మార్కులవి అరగంట, నాలుగు మార్కులవి 55 నిమిషాలు, ఎనిమిది మార్కులవి గంట. కలిపితే రెండు గంటల నలభై. చివరి ఇరవై నిమిషాలు మిగులు. ఈ ఇరవై నిమిషాలు ఉన్నాయని తెలిస్తేనే చెయ్యి నెమ్మదిస్తుంది.

కొట్టేసే జబ్బుకి మందు ఒకటుంది. కలం రెండు నిమిషాలు ఆగితే అరపేజీ ఖాళీ వదిలి ముందుకెళ్లిపోవాలి. రాసింది మాత్రం కొట్టకూడదు. సరిగ్గా రాసిన మెట్లకి మార్కులు వేస్తారు, జవాబు తప్పినా సరే. కొట్టేసింది మేం దిద్దం. మీ అమ్మాయి 16 మార్కులు తన చేత్తోనే తీసేసుకుంది చూడండి.

పలాస_శ్రీను (శనివారం, సాయంత్రం 5:20)

మాస్టారూ, ముందు ఎనిమిది మార్కులవి రాసి తర్వాత చిన్నవి రాస్తే? మా కార్పొరేట్ కాలేజీ లెక్చరర్లు అలాగే చెప్తారు. పెద్దవి ముందు అయిపోతే గెలిచినట్టే అని.

లెక్కలమాస్టారు_నెల్లిమర్ల (శనివారం, సాయంత్రం 5:50)

శ్రీనూ, ధైర్యంగా ఉన్న పిల్లకి అది మంచిదే, వాదించను. వణికే పిల్లకి కాదు. మొదట ఎనిమిది మార్కుల లెక్క పట్టుకుని మధ్యలో ఆగితే ఆ దెబ్బ మిగతా పేపరంతా ఉంటుంది. ఒక మార్కువి పన్నెండు రాసేసరికి పావుగంటలో చేతికి ఊపొస్తుంది. కావాలంటే రెండు ఆదివారాలు రెండు రకాలుగా రాయించి చూడమనండి. పేపరే చెప్తుంది.

రాజాం_నాన్న (శనివారం, రాత్రి 9:15)

మాస్టారూ, రేపు ఆదివారం మోడల్ పేపరు పెడతాను. నేను ఎక్కడ ఉండాలి? పక్క గదిలోనా, అసలు ఇంట్లోనే లేకుండా వెళ్లిపోనా?

కౌన్సెలర్_శ్రీకాకుళం (శనివారం, రాత్రి 9:50)

ఇది నేను చెప్తాను మాస్టారూ.

ఒక్కసారిగా మాయమైపోతే పిల్ల ‘నాన్నకి కోపం వచ్చింది’ అనుకుంటుంది. ముందు తనతోనే మాట్లాడండి. ‘నేను పక్కన కూర్చోవడం వల్ల నువ్వు ప్రతి మెట్టుకీ నావైపు చూస్తున్నావు, అది నా పొరపాటు. ఇకనుంచి దూరం జరుగుతాను, ఎంత దూరమో నువ్వే చెప్పు’ అనండి. ఆదివారం అదే గదిలో ఉండండి, కానీ గైడు ముట్టుకోకండి. ఏదైనా మీ పని చేసుకోండి, బట్టలు మడతపెట్టండి, ఇంటి ఖర్చుల లెక్కలు రాసుకోండి, ఏదైనా. తను చూస్తే చిరునవ్వు చాలు, తలూపడం వద్దు. సోమవారం నుంచి రాత్రి రెండు గంటల కూర్చోబెట్టడం ఆపేసి, 45 నిమిషాల ముక్కలు చెయ్యండి. ఆ 45 నిమిషాల్లో సరైందో కాదో ఎవరూ చెప్పరు. తర్వాత తనే జవాబులు చూసుకుని తనే దిద్దుకుంటుంది. మూడు రోజులయ్యాక మీరు పక్క గదిలోకి వెళ్లండి.

ఆదివారం పరీక్ష ఉదయం తొమ్మిదిన్నరకే పెట్టండి, రాత్రి కాదు. గోడ గడియారం, పరీక్ష అట్ట, గీతల కాగితాలు, అన్నీ అసలు పరీక్షలో లాగే. వణుకు వచ్చినప్పుడు దానితోనే రాయడం ఇంట్లోనే అలవాటవ్వాలి.

వణుకు తగ్గడానికి ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, పదిసార్లు. నిమిషంన్నర కంటే కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. బయటికి వదిలేది పొడవుగా ఉండాలి, గుండె నెమ్మదించేది అక్కడే. పరీక్ష రోజు మొదటిసారి చేస్తే పని చెయ్యదు. రోజూ నిద్రకి ముందు ఒకసారి, మోడల్ పేపరు ముందు ఒకసారి చేయిస్తే చేతికి వస్తుంది.

ఇంటర్_ఫస్టియర్ (శనివారం, రాత్రి 10:10)

నేను పోయినేడాది పది రాశాను. అంకుల్, ఒక్కటి చెప్తాను. ‘నీకు అన్నీ వచ్చు, నీకేం భయం లేదు’ అని అనకండి. భయం ఉంది కదా. ఉన్నదాన్ని లేదంటే ఇంక ఇంట్లో చెప్పబుద్ధి కాదు.

రాజాం_నాన్న (శనివారం, రాత్రి 10:25)

అమ్మా, నేను రోజుకి పదిసార్లు అంటున్నది అదే మాట. ధైర్యం చెప్తున్నాననుకున్నాను.

కౌన్సెలర్_శ్రీకాకుళం (శనివారం, రాత్రి 10:48)

ఆ పిల్ల సరిగ్గా చెప్పింది. ‘నీకు వచ్చు’ అన్న మాటలో ఇంకో మాట దాక్కుని ఉంటుంది: రాకపోతే నా నమ్మకం పోతుంది అని. దానికి బదులు ‘ఇవాళ ఎక్కడ ఆగింది?’ అని అడగండి. చెప్తే వినండి. వెంటనే పరిష్కారం చెప్పకండి. చెప్పకపోతే అన్నం పెట్టి ఊరుకోండి.

‘ఎన్ని వచ్చినా ఫర్వాలేదు’ కూడా అంతే. ఆ మాట చెప్పి, గంట తర్వాత ఫోన్లో మీ బావగారితో 600కి 550 దాటుతుందనుకుంటున్నాం అంటే పిల్ల వినేది ఆ ఫోను మాటే. ఈ పదిహేను రోజులూ బంధువులతో మార్కుల అంచనాలు మాట్లాడకండి. అడిగితే ‘రాస్తోందండీ’ అని ఆపెయ్యండి. ఇంట్లో గడప దాటే ప్రతి మనిషీ ‘ఎలా చదువుతున్నావమ్మా’ అని అడుగుతారు, అడ్డుపడాల్సింది మీరూ, మీ ఆవిడా.

చీపురుపల్లి_అమ్మ (ఆదివారం, ఉదయం 7:05)

ఈ మాట మగవాళ్లకి తోచదు కాబట్టి రాస్తున్నాను. నెలసరి తేదీ లెక్క చూసుకోమని వాళ్లమ్మకి చెప్పండి. పరీక్షలు ఆరు పేపర్ల మధ్య రోజులు విడిచి రెండు వారాలు నడుస్తాయి, ఏదో ఒక పేపరు ఆ రోజుల్లోనే పడొచ్చు. పర్సులో ప్యాడ్లు ముందే పెట్టెయ్యాలి. కడుపునొప్పి మాత్ర వేసుకునే పిల్లయితే అది ఇదివరకు పడిందేనా అని చూసుకోవాలి, కొత్తది పరీక్ష పొద్దున వద్దు. టిఫినూ అంతే. మా వైపు పిల్లలకి అలవాటున్న చోడంబలో ఇడ్లీయో చాలు. పరీక్ష కదా అని పొద్దున్నే బాదంపాలు, గుడ్లు కొత్తగా మొదలెడితే హాల్లో కడుపు తిప్పుతుంది.

లెక్కలమాస్టారు_నెల్లిమర్ల (ఆదివారం, ఉదయం 8:00)

చిన్న సవరణ తల్లీ. సైన్సుని భౌతిక శాస్త్రం, జీవ శాస్త్రం అని రెండు రోజులు పెడుతున్నారు, యాభై యాభై మార్కులకి. కాబట్టి ఏడు రోజులు కూర్చోవాలి. మీరు చెప్పింది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

రాజాం_నాన్న (ఆదివారం, మధ్యాహ్నం 2:40)

మోడల్ పేపరు అయ్యింది. 57 వచ్చాయి, తనే దిద్దుకుంది. కొట్టేసినవి రెండే రెండు. ఒక మార్కువాటికి పావుగంట బదులు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. చివరి ఎనిమిది మార్కుల లెక్క మళ్లీ మిగిలిపోయింది. మొదట్లో మూడుసార్లు నావైపు చూసింది, తర్వాత మానేసింది. నేను కందులు బాగుచేస్తూ కూర్చున్నాను.

ఒక పొరపాటు జరిగింది. పేపరు ముగియగానే నా నోట్లోంచి ‘ఎన్నొస్తాయనుకుంటున్నావు?’ అని వచ్చేసింది. ముఖం మాడిపోయింది. అరగంట మాట్లాడలేదు.

కౌన్సెలర్_శ్రీకాకుళం (ఆదివారం, సాయంత్రం 5:10)

మీరు గమనించారు కదా, చాలు. వెళ్లి ‘ఆ ప్రశ్న అడక్కుండా ఉండాల్సింది’ అని ఒక్క ముక్కలో చెప్పెయ్యండి. అసలు పరీక్షల్లో ఇంటికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘అన్నం తింటావా, కాసేపు పడుకుంటావా?’ మాత్రమే.

పేపరు బాగా రాయలేదని ఏడుస్తూ వస్తే ‘పర్లేదులే’ అనకండి. పక్కన కూర్చోండి, ఏడవనివ్వండి. పది నిమిషాలు చాలు. రాసొచ్చిన జవాబులు సరిచూసుకోనివ్వకండి. తర్వాతి పేపరు పుస్తకం గంట దాకా తీయనివ్వకండి.

లెక్కలమాస్టారు_నెల్లిమర్ల (ఆదివారం, సాయంత్రం 6:30)

ఇక్కడ మాత్రం మేడమ్ గారితో కొంచెం తేడా నాకు. ఇంటికొచ్చాక జవాబులు సరిచూసుకోవద్దంటే పిల్లలు ఊరుకోరు, స్నేహితులతో ఫోన్లో చూస్తారు. అదింకా ప్రమాదం, అందరి జవాబులూ వేరువేరుగా ఉంటాయి. దానికంటే ఇంట్లోనే పావుగంటలో ఒక్కసారి చూసి మూసెయ్యడం మేలని నా అభిప్రాయం.

కౌన్సెలర్_శ్రీకాకుళం (ఆదివారం, రాత్రి 7:15)

మాస్టారూ, పిల్లని బట్టి ఉంటుంది. ఈ పిల్ల సరైన జవాబుని కూడా కొట్టేసే రకం. లెక్కల పేపరు నాలుగోది, ఇంకా మూడు రోజుల రాత ఉంటుంది. ఒక్క తప్పు దొరికితే భౌతిక శాస్త్రం దాకా మోసుకెళ్తుంది. చివరి పేపరు అయ్యాక అన్నీ చూసుకోమనండి. మీ మాట వేరే పిల్లకి సరిపోతుంది.

లెక్కలమాస్టారు_నెల్లిమర్ల (ఆదివారం, రాత్రి 7:40)

సరే, ఈ పిల్ల విషయంలో మీ మాటే. నేను పూర్తిగా ఒప్పుకున్నట్టు మాత్రం రాసుకోకండి.

బాబూ, ఒక మార్కువాటికి ఇరవై రెండు నిమిషాలు పట్టడానికి కారణం చెప్తాను. ఒక్కోదానికీ చిత్తు లెక్క రెండుసార్లు చేస్తోంది, అవునా? ఈ వారం రోజూ సాయంత్రం ఒక మార్కు ప్రశ్నలు పన్నెండు, పావుగంటలో, అంతే. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం మాత్రం ఒక రోజు ఉదయం, బుర్ర తాజాగా ఉన్నప్పుడు, పటం గీసి మూడుసార్లు రాయించండి. కొత్త చాప్టర్ల జోలికి పోకండి.

బొబ్బిలి_తాతయ్య (సోమవారం, ఉదయం 5:50)

ఏటో మరి, మా కాలంలో ఇన్ని లెక్కల్లేవు. కానీ ఒకటడుగుతాను అమ్మాయ్. పేపర్లలో చూస్తన్నాం కదా, ఫలితాలొచ్చిన రోజుల్లో పిల్లలు అఘాయిత్యాలు చేసేసుకుంటన్నారు. మనం ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పెట్టినట్టు కాదేటి?

కౌన్సెలర్_శ్రీకాకుళం (సోమవారం, ఉదయం 9:20)

తాతయ్య గారూ, ఈ ప్రశ్న అడిగినందుకు మీకు దణ్ణం. కాదండీ. సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉన్న పిల్లకి చెప్పుకోడానికి తలుపు తెరుచుకుంటుంది.

పరీక్ష భయానికీ దీనికీ తేడా ఉంది. అన్నం తగ్గడం, చిరాకు, పేపరు ముందు రోజు నిద్ర పట్టకపోవడం, ఇవి పరీక్షతో వచ్చి పరీక్షతో పోతాయి. రెండు వారాలు దాటినా నిద్ర లేకపోవడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆశ పోవడం, స్నేహితులతో మాటలు మానేయడం, తన వస్తువులు ఇంకొకళ్లకి ఇచ్చేయడం, ‘నేను లేకపోతే మీకు హాయి’ లాంటి మాటలు, వీటిని మాత్రం పరీక్ష భయం అని కొట్టిపారేయకూడదు. అప్పుడు ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని ఆ మాటలతోనే అడగాలి. అవునంటే తిట్టకూడదు, ఒట్లు వేయించకూడదు. ఒంటరిగా వదలకూడదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి, శ్రీకాకుళం గానీ విజయనగరం గానీ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లాలి. రాత్రైతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి, మన పల్లెల్లో ప్రతి ఇంటి వసారాలోనూ పురుగుమందు డబ్బా ఉంటుంది. పరీక్షల నుంచి ఫలితాలు వచ్చి వారం గడిచేదాకా అది ఇంట్లో ఉండకూడదు. పొలంలో తాళమేసిన పెట్టెలోనో, పిల్లలు వెళ్లని చోటో పెట్టండి. అలాంటి ఆలోచన తీవ్రంగా ఉండేది తరచుగా కాసేపే. ఆ కాసేపట్లో చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. మందు పారేయండి అనడం లేదు, దూరం పెట్టమంటున్నాను.

రాజాం నాన్న గారూ, మీరు చెప్పినదాంట్లో ఇవేవీ నాకు కనిపించలేదు. కానీ అన్నం సగంలో వదలడం ఎన్నాళ్ల నుంచో చూసుకోండి.

రాజాం_నాన్న (సోమవారం, రాత్రి 9:30)

ప్రీ-ఫైనల్ మార్కులు వచ్చినప్పటి నుంచి, అంటే పది రోజులు. నిన్న రాత్రి మాత్రం పూర్తిగా తింది. గడ్డిమందు డబ్బా ఇవాళే కళ్లం దగ్గర గదిలో పెట్టి తాళమేశాను. తనని అడిగాను కూడా, మేడమ్ చెప్పిన మాటలతోనే. ‘లేదు నాన్నా, కానీ లెక్కల పేపరు ముందు రోజు నాకు జ్వరం వస్తే బాగుణ్ణు అనుకుంటున్నా’ అంది. ఇద్దరం కాసేపు అలాగే కూర్చున్నాం.

పలాస_శ్రీను (మంగళవారం, ఉదయం 7:00)

పరీక్ష రోజున సెంటరు గేటు బయట ఉండాలా వద్దా? మా వాడి పరీక్షలకి నేను మూడు గంటలూ అక్కడే నిలబడతాను. వాడికి ధైర్యం అనుకున్నాను. ఇదంతా చదివాక అనుమానం వస్తోంది.

చీపురుపల్లి_అమ్మ (మంగళవారం, ఉదయం 7:25)

ఎండలో నాన్న నిలబడ్డాడని తెలిస్తే పిల్లాడు లోపల బాగా రాస్తాడా, మీ గురించే ఆలోచిస్తాడా? నేనైతే వద్దంటాను.

పలాస_శ్రీను (మంగళవారం, ఉదయం 7:40)

మరి బయటికొచ్చాక ఏడిస్తే ఎవరుంటారు? నాకు తేలడం లేదు.

కౌన్సెలర్_శ్రీకాకుళం (మంగళవారం, ఉదయం 8:05)

నేను కూడా తేల్చి చెప్పలేను శ్రీను గారూ. అబ్బాయినే అడగండి, అది కూడా పరీక్ష పొద్దున కాదు, ఇప్పుడే.

రాజాం_నాన్న (తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 3:15)

రెండో మోడల్ పేపరు అయ్యింది, నేను పెరట్లో ఉన్నాను. 66 వచ్చాయి. ఒక మార్కువి పదహారు నిమిషాల్లో అయిపోయాయి. ఎనిమిది మార్కుల లెక్కలు అయిదూ ముట్టుకుంది, ఒకటి సగంలో ఉంది, కొట్టలేదు. చెయ్యి ఇంకా వణుకుతోందట, కానీ రెండో భాగానికి వచ్చేసరికి తగ్గుతోందట. ఊపిరి పదిసార్లు తను లెక్కపెట్టుకుని చేసింది. రాత్రి పదిన్నరకి పడుకుంటోంది, ఆరున్నరకి లేస్తోంది. టీ మానేసింది, అదొక్కటే నామీద కోపం.

గేటు సంగతి నేనూ అడిగాను. ‘గేటు దగ్గర వద్దు నాన్నా. బస్టాండులో చెరుకురసం బండి దగ్గర ఉండు. నేనే వస్తాను. నేను చెప్పేదాకా పేపరు గురించి అడక్కు’ అంది.

లెక్కలమాస్టారు_నెల్లిమర్ల (తర్వాతి ఆదివారం, సాయంత్రం 4:00)

సగంలో ఉన్న ఆ ఎనిమిది మార్కుల లెక్క ఏ చాప్టరు బాబూ?

రాజాం_నాన్న (తర్వాతి ఆదివారం, సాయంత్రం 4:20)

నేను అడగలేదు మాస్టారూ. తను చెప్తే రాస్తాను.